నేను దిద్దిన నెమలి ఈక

రంగూన్‌లో ఆ రోజుల్లో నేను ఒక ఫొటో స్టూడియోలో నెగెటివ్‌లు దిద్దేవాణ్ణి. మొటిమలు మాయం చేయడం, తెగిన కనుబొమ కలపడం నా పని. గాజు పలక మీద పెన్సిల్‌తో రుద్దితే అచ్చులో అక్కడ తెల్లబడుతుంది. సన్నని కత్తితో పూత గీకితే నల్లబడుతుంది. వచ్చినవాడి లోపం బొమ్మలో కనబడకూడదని మా యజమాని ఆజ్ఞ. ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు అడవి శాఖ దొర రెండు నెమలి ఈకలు తెచ్చి ఫొటోలు తీయమన్నాడు. ఒకటి తోకది, కన్నున్నది. రెండోది తలకుచ్చులోది, జానెడులో సగమైనా లేదు. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. తెల్ల కాగితం మీద పెట్టి, ఒక్కొక్కటీ పలక నిండేటట్టు తీశాం. కుచ్చు ఈక నాకు అందవికారంగా కనిపించింది. కొసన మాత్రం విసనకర్రలా పీచు, కింద కాడంతా బోడి. ఎక్కడో నలిగి రాలిపోయిందనుకున్నాను. కత్తి తీసి, అడుగు నుంచి కొస దాకా రెండు పక్కలా సన్నని పీచు గీశాను. యజమాని చూసి మెచ్చుకున్నాడు కూడా.

రెండు వారాలకు దొర మళ్ళీ వచ్చాడు. కోర్టుకు ఇంకో అచ్చు కావాలట. మేం హిందుస్తానీలో మాట్లాడుకునేవాళ్ళం.

"మీ కోరంగీ కూలీ దొరికిపోయాడు" అని నవ్వాడు. తెలుగువాళ్ళని ఆ ఊళ్ళో అలాగే పిలిచేవారు. బోటాటౌంగ్ రేవులో మూటలు మోసే గంజాం మనిషి దగ్గర ఆ ఈకల కట్ట దొరికిందట. అది వేట నిషేధించిన కాలం. దేశం నుంచి దేవుడి పూజకు తెచ్చుకున్నానని అతను మొత్తుకుంటే, పెగూ కొండల్లో చంపిన బర్మా నెమలివని లాకప్‌లో వేశారు. ఈకలు సాక్ష్యం కనుక ఊరు దాటకూడదని, ఫొటోలు మాత్రం పై ఊళ్ళోని పక్షుల పండితుడికి పంపారు.

పండితుడి ఉత్తరం దొర చదివి వినిపించాడు. తోక ఈకను బట్టి ఏమీ చెప్పలేనన్నాడు ఆయన. కన్ను రెండు జాతులకూ దాదాపు ఒకటే, పైగా ఫొటోలో రంగు లేదు. పక్కన కొలబద్ద లేదు కనుక కుచ్చు ఈక పొడవూ తెలియదు. కానీ కాడ పొడవునా పీచు ఉంది కనుక అది బర్మా నెమలిదే. మన దేశపు నెమలికి కుచ్చులో కాడ బోడిగా ఉండి, కొసన మాత్రమే పీచు ఉంటుంది.

పెట్టెలోంచి ఆ గాజు పలక బయటికి తీశాను.

"ఆ పీచు నేను గీసింది, సార్" అన్నాను.

దొర నమ్మలేదు. కూలీ మా దేశస్థుడు కనుక బొంకుతున్నానన్నాడు. నెగెటివ్ కిటికీ వెలుతురుకు పట్టి కత్తి గాట్లు చూపించాను. అప్పటికీ, "ఈక పురుగు తిని బోడి అయిందేమో" అని సాగదీశాడు. అసలు ఈక ఆయన బల్ల సొరుగులోనే ఉంది! మనిషిని లాకప్‌లో పెట్టగల చేతులకు సొరుగు లాగి చూడడానికి బద్ధకం. చివరికి ఊరు దాటకూడని ఈకనే పండితుడికి పంపక తప్పలేదు. జవాబు ఒక్క వాక్యం: దేశపు నెమలిది, పురుగు తిన్న గుర్తులు లేవు. రాలిందా పీకిందా అన్నది ఈక చూసినా ఆయన చెప్పలేదు. ఆ ముక్క కూలీ మొదటిరోజే చెప్పాడు, రాలినవి ఏరుకున్నానని. ఎవడు విన్నాడు?

విడిచిపెట్టిన రోజున నేను లాకప్ దగ్గరకు వెళ్ళాను. నా కంటే పెద్దవాడు. ఈకల కట్ట చంకలో ఉంది. నేను చేసిందంతా చెప్పి క్షమించమన్నాను.

"ఉన్నదున్నట్టు తియ్యలేకపోనారా బాబూ?" అన్నాడు.

"బాగుంటుందని దిద్దాను."

"ఈకకి బాగేటి బాబూ? అది నెమలికే తెలుస్తాది." కట్ట ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "మేస్త్రీ నా పేరు కొట్టేసినాడు. నా జాగాలో ఇంకోడు మూటలు మోస్తున్నాడు. ఓడెక్కి ఎల్లిపోతాను."

దొర దగ్గరకు వెళ్ళి మేస్త్రీకి చీటీ రాయించుకొస్తానన్నాను. వద్దని తల ఊపి, కట్ట నా చేతిలో పెట్టాడు.

"ఇవి మీరే ఉంచుకోండి. నాను నోటితో సెప్తే నమ్మలేదు. మీరు గీసిన అబద్దాన్ని నమ్మినారు. మళ్ళీ నిజం సెప్పడానికీ ఈ ఈకే కావలిసొచ్చింది. ఇంక దేవుడి కాడ దీన్ని ఏటని పెట్టమంటారు?"