నోరు మెదపకుండా రాగం చెప్పాలి

మా సంగీతం థియరీ పరీక్షలో మొదటి నిబంధన: నోరు మెదపకూడదు. వంటల పోటీ పెట్టి పొయ్యి ముట్టించొద్దన్నట్టు ఉంటుంది. కానీ ఏం చేస్తాం, ఒకరు కూనిరాగం తీస్తే హాలంతటికీ జవాబు అందినట్టే. అందుకే మా అభ్యర్థులు పెదాలు బిగించి, బల్ల కింద తొడ మీద తాళం వేసుకుంటూ రాస్తారు. సంగీతం తెలియని ఇన్విజిలేటర్లు చీటీలేమోనని వంగి చూస్తుంటారు.

ప్రశ్నలు రాసేది కోదాడ సారు. ఆయన రాసినవి పాడకుండా పరిష్కరించి చూసేది, తరువాత జవాబు పత్రాలు దిద్దేది నేను. ఆయన సూర్యాపేటలో బస్సు దిగి మా ఇంటికి వచ్చి కాగితం చేతిలో పెడతారు, నేను జవాబులు రాసేదాకా ఎదురుగా కూర్చుంటారు. ఆరోహణ, అవరోహణ ఇచ్చి రాగం పేరు అడిగే ప్రశ్నలంటే ఆయనకు ఒళ్ళుమంట.

"అది చెవికి పరీక్ష కాదండీ, బట్టీకి పరీక్ష. స్వరాలు కళ్ళతో చూడంగానే లోపల వినపడాలి."

ఆ మాట నాకూ నచ్చింది. ఆ ఏడాది ఆయన ఒక చిన్న సంచారం, అంటే రాగం నడిచే స్వరాల వరుస, రాసుకొచ్చారు: రిమపద, పమగరి, సరిమగరి. ఇది ఏ రాగం? నేను వెంటనే ఆరభి అని రాశాను. ఆయన మురిసిపోయారు. పేపరు ప్రింటుకు వెళ్ళింది.

ఫలితాలు వచ్చిన వారానికి మిర్యాలగూడ నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, అక్కడి ప్రైవేటు బడిలో పాటలు నేర్పుతుంది. బడి తెరిచేలోపు సర్టిఫికెట్ తెస్తేనే ఉద్యోగం ఉంటుందని యాజమాన్యం చెప్పిందట. ఒక్క మార్కుతో తప్పింది. సారు కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు.

"రాగం పేరు దేవగాంధారి అని రాసిన మేడం. తప్పెట్ల అయితది?"

"జవాబుల కీలో ఆరభి ఉందమ్మా," అన్నారు సారు. "అందరికీ ఒకటే కీ. ఇప్పుడు మార్చకూడదు."

నాకు చిరాకు వేసింది, మొదట ఆమె మీదే. ఆరభి, దేవగాంధారి స్వరాల్లో కవలలని పాఠంలోనే ఉంది. ఆరభి చురుగ్గా, తిన్నగా నడుస్తుంది. దేవగాంధారి ఆగి ఆగి, రిషభాన్ని ఊపుతూ నడుస్తుంది. అయినా ఇది ఆరభి అని నాకు అంత స్పష్టంగా వినపడింది కదా!

"జర పాడుత, మీరే చెప్పండ్రి," అంది ఆమె.

శ్రుతిపెట్టె వేశాను. ప్రశ్నలోని స్వరాలే, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. మెల్లగా పాడింది. చివరి రిషభం మీద నిలిచి, దాన్ని ఊయలలా ఊపింది. సారు కళ్ళు మూసుకుని, తనకు తెలియకుండానే తరువాతి సంచారం అందుకున్నారు. సగంలో ఆపేశారు. ఆయన అందుకున్నది దేవగాంధారి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ప్రశ్న ఇచ్చిన రోజు సారు గేటు తీస్తూనే ఆ సంచారం కూనిరాగంగా తీస్తూ వచ్చారు, హుషారుగా, ఆరభిలో. నేను కాగితం చూసి చెప్పానా! విని చెప్పాను. ఆయన నడక నా చెవిలో పడింది గానీ కాగితం మీదికి ఎక్కలేదు. ఎంతో తెలివిగా రాశామనుకున్నాం ఇద్దరం. సిగ్గేసింది.

"మీరు పాడుకుంటూ వచ్చారు సారూ," అన్నాను. "ఆమెకు ఎవరు పాడారు?"

సారు నా చేత కీ తెప్పించుకుని, ఆరభి పక్కన దేవగాంధారి అని తన చేత్తోనే రాశారు. "ఒప్పేనమ్మా. నువ్వు పాసయ్యావు," అన్నారు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. చెప్పులు వేసుకోబోతూ ఆగింది.

"సార్, నా ఎన్క బల్ల మీద తిరుమలగిరి పిల్ల గూడ గదే రాసిందంట. బస్టాండ్ల ఏడ్సుకుంట పోయింది. అడగనీకి రాలే. ఆమెకు గూడ ఇస్తరా?"

అందరికీ ఒకటే కీ అని ఇందాక పట్టుబట్టింది సారే. ఇప్పుడు ఆయన నా వైపు చూశారు. నేను లోపలికి వెళ్ళి జవాబు పత్రాల కట్ట తెచ్చి, దారం విప్పాను.

ఆమె చెప్పిన పత్రం దొరికింది. దేవగాంధారి అని రాసి, కొట్టేసి, మళ్ళీ దేవగాంధారి అనే రాసింది ఆ పిల్ల. పక్కన నేను ఎర్రసిరాతో పెట్టిన సున్నా ఉంది.