బుధవారం సెలవు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కటింగ్ మెషిన్ మీద పనిచేసే ఆయన్ని అందరూ బావా అనే పిలుస్తారు. ఎవరికి ఏ వరసన బావో ఎవరికీ తెలియదు. నెమ్మదస్తుడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

ఆదివారం పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. మందుల కంపెనీ పెట్టెలు సాయంత్రానికల్లా లారీ ఎక్కాలట.

"నువ్వు రాకపోతే నా కొంప మునుగుతుంది బావా. బదులుగా ఈ వారంలో నీకు కావలసిన రోజు సెలవు తీసుకో."

బావ వెళ్లాడు. లారీ కదిలింది, కొంప మునగలేదు.

సోమవారం బావ ఉత్తరం రాసిచ్చాడు. బుధవారం భార్యకు కంటి ఆపరేషన్. బట్టలు కుట్టి నాలుగు రాళ్లు తెచ్చే మనిషి, సూదిలో దారం ఎక్కించలేక ఏడుస్తోంది. వెంట ఒకరు ఉండి తీరాలన్నారు ఆసుపత్రివాళ్లు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆదివారం చేసిన పనికి బదులు బుధవారం సెలవు ఇప్పించమని, కారణంతో సహా రాశాడు.

సూపర్‌వైజర్ చదివాడు. 'శుక్రవారం సెలవు మంజూరు' అని రాసి సంతకం గీకాడు.

"బుధవారం లోడ్ ఉంది. పో, పని చూసుకో."

మధ్యాహ్నానికి గేటు దగ్గర నోటీసు అంటించారు. కరెంటు మరమ్మతుల కోసం శుక్రవారం ఫ్యాక్టరీ మూత, అందరికీ జీతంతో సెలవు. ఆ కబురు సూపర్‌వైజర్‌కు పొద్దున్నే తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

బావ మళ్లీ వెళ్లాడు. "శుక్రవారం ఎలాగూ అందరికీ సెలవేగా సార్. మరి నా ఆదివారం ఏమైపోయినట్టు?"

"అడిగావు, ఇచ్చాను. ఇంకేం కావాలి?"

"ఆపరేషన్ బుధవారం సార్."

"మార్పించుకో. కళ్లు ఎక్కడికీ పారిపోవుగా!" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. పక్క మెషిన్లవాళ్లు తల ఎత్తలేదు. అందరికీ ఉద్యోగాలు కావాలి మరి.

ఆఫీసులో అడిగితే, సూపర్‌వైజర్ రాసిన రోజు తాము మార్చలేమన్నారు. బావ అక్కడే నిలబడి ఇంకో కాగితం రాశాడు. 'బుధవారం రాను. జీతం కోసుకోండి.' దాన్ని బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

బుధవారం ఆపరేషన్ బాగానే అయింది. కంటికి కట్టుతో మంచం మీద పడుకుని భార్య అడిగింది.

"అడగ్గానే సెలవిచ్చారా?"

"ఆఁ."

"పాపం, ఎంత మంచాయనో. రేపు వెళ్లినప్పుడు నా దణ్ణాలు చెప్పు."

బావకు ఒళ్లు మండిపోయింది. అక్కడ మింగిన మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చాయి.

"నోరు మూసుకుని పడుకో!" అని అరిచాడు.

తానేం తప్పు మాట్లాడిందో ఆమెకు తెలియలేదు. భయంభయంగా రెండో కన్ను కూడా మూసుకుంది.