రాజీనామాలో పట్టని వాక్యం

రాజీనామా రాయడం రెండు నిమిషాల పని అనుకుంది ఆమె. ఫోన్‌లో దొరికిన నమూనా చూసి నాలుగు వాక్యాలు దింపేసింది. వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను, దయచేసి విడుదల చేయగలరు. డయాలసిస్ యూనిట్‌లో ఆరేళ్లుగా నర్సు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. వచ్చే నెల గడువులోగా రిలీవింగ్ ఆర్డరు కాలేజీకి అందకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

నర్సింగ్ సూపరింటెండెంట్ ఆ కాగితాన్ని చూసి వెనక్కి నెట్టింది.

"ఏంటమ్మా ఇది, మాతో పోట్లాడి పోతున్నావా?"

"లేదు మేడమ్."

"మరి వ్యక్తిగత కారణాలేంటి? చదువుకోడానికి పోతున్నానని రాయడానికి సిగ్గా? ముప్పై రోజుల నోటీసు, చివరి పనిదినం తేదీ, చార్జి ఎవరికిస్తున్నావో రాయి. ఇక్కడ ఏం నేర్చుకున్నావో కూడా రెండు ముక్కలు పడెయ్. రేపు పొద్దున్న నా టేబుల్ మీదుండాలి. ఒక్క రోజు దాటినా నీ రిలీవింగ్ తేదీ వెనక్కి పోతుంది. తర్వాత నా దగ్గర ఏడవకు."

డ్యూటీ దిగాక క్యాంటీన్ మూల బల్ల దగ్గర కూర్చుంది. తేదీలు, అప్పగింతలు చకచకా పడ్డాయి. కృతజ్ఞతల దగ్గరే కలం ఆగింది. యాజమాన్యానికి అని మొదలుపెట్టింది. యాజమాన్యం ముఖాన్ని ఆమె ఆరేళ్లలో నోటీసు బోర్డు ఫొటోలో తప్ప చూసింది లేదు. ఆ మాట కొట్టేసింది.

గుర్తొచ్చింది ఇన్‌చార్జి సిస్టర్. నిమిషం ఆలస్యాన్ని కూడా సహించదని అందరూ చాటున ఆమెను 'గడియారం' అంటారు. తను చేరిన మూడో వారం, ఇద్దరు నర్సులు సెలవు పెట్టిన రోజు. కుర్చీలన్నీ నిండాయి. గడియారం ఆమె వేళ్లను ఒక ముసలి పేషెంటు చేతి మీద, డయాలసిస్ కోసం ఆపరేషన్ చేయగా ఉబ్బిన రక్తనాళం మీద పెట్టింది. లోపల తేనెటీగను మూసిపెట్టినట్టు అదురు.

"తెలిసిందా? ఇక నువ్వే గుచ్చు."

"ఇదివరకెప్పుడూ గుచ్చలేదక్కా."

"కానీయ్ తల్లీ, నేనేం పారిపోను," అన్నాడు పేషెంటు. గడియారం తన చేతిని ఆమె చేతి మీదే ఉంచింది. సూది చక్కగా దిగింది. ఆ వారం ఉద్యోగం వదిలి ఇంటికి పోదామని సంచి సర్దుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం సంచి విప్పేసింది.

అదే రాసింది. మూడో వారంలో నా చేతిని పట్టుకుని సూది గుచ్చడం నేర్పిన సిస్టర్ వల్లే నేను నర్సుగా మిగిలాను, ఈ చదువుకూ ధైర్యం చేశాను. ఆ వాక్యం ఒక్కటే ఆమెకు తనదనిపించింది.

అప్పగింత కాగితంలో గడియారం సంతకం కావాలి గనుక పొద్దున్నే అదీ రాజీనామా రెండూ ఆమెకు చూపించింది. గడియారం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు మతి ఉందా?"

"నిజమే కదక్కా."

"నిజమని నాకు తెలీదూ! యూనిట్ పరీక్ష పాసై సంతకం పడేదాకా కొత్తవాళ్ల చేతికి సూది ఇవ్వకూడదు. ఇది నీ ఫైల్లో పడుంటుంది. తనిఖీకొచ్చినవాళ్లు ఫైళ్లన్నీ తిరగేస్తారు. నువ్వు దణ్ణం పెట్టి పోతావ్, నేను సంజాయిషీ రాసుకుంటూ కూచుంటా. ఇదా నీ కృతజ్ఞత?"

ఆరేళ్లుగా అది దయ అనుకుంది. అవతలి మనిషి దాన్ని తన తప్పులా మోస్తోందని ఏనాడూ తట్టలేదు.

"ఏం రాయమంటావక్కా?"

"సహోద్యోగుల సహకారం మరువలేనిది అని రాయి. చాలు."

చెప్పినట్టే రాసింది. సూపరింటెండెంట్ తలాడిస్తూ చదివి సంతకం పెట్టింది.

"ఇదీ పద్ధతి. ఎవరైనా మానేస్తానని వస్తే నీదే నమూనాగా ఇస్తా."

చివరి రోజు అప్పగింత అందరి ముందూ జరిగింది. మందుల బీరువా తాళాలు, అత్యవసర ట్రాలీలో ఒక్కో మందు గడువు తేదీ, ఎవరి చేతికి నిన్న ఎక్కడ గుచ్చిందీ, ఈ వారం ఎవరి బరువు మారిందీ, కామెర్ల వైరస్ ఉన్నవాళ్లకు విడిగా ఉంచిన మెషిన్ ఏదీ అన్నీ చదివింది. ఒక్కోదానికీ గడియారం టిక్కు పెట్టింది. ఏదీ మిగల్లేదు. అంత శుభ్రంగా ఎవరూ అప్పగించలేదని పక్కనున్న వాళ్లు మెచ్చుకున్నారు.

గడియారం కలం మూసి తలెత్తింది.

"ఇంకేమైనా ఉందా?"

రాజీనామాలోంచి తీసేసిన ఆ వాక్యాన్ని నోటితో చెప్పాలనుకుంది. కుర్చీల్లో ఆరుగురు పేషెంట్లు, చుట్టూ నలుగురు నర్సులు, అందరి చెవులూ ఇటే. పక్కకు పిలవొచ్చు. కానీ గడియారం చూపు అప్పటికే మోగుతున్న మూడో మెషిన్ వైపు తిరిగింది.

"లేదక్కా," అంది.

"సరే, జాగ్రత్త," అని గడియారం మెషిన్ దగ్గరికి నడిచింది.