స్కూటరుకి మధ్యాహ్న భోజనం

నేను తిరిగిన ఊళ్లను వీధుల పేర్లతో గుర్తుపెట్టుకోను, బట్టలు ఆరేసే తీరుతో గుర్తుపెట్టుకుంటాను. ఒకచోట ఈ కిటికీ నుంచి ఎదురింటి కిటికీకి తాడు కట్టి చొక్కాలను వీధి దాటిస్తారు. ఇంకోచోట ఏటి ఒడ్డున రాళ్ల మీద పరిచి, గాలికి లేవకుండా మూలకో గులకరాయి పెట్టి, పసిపిల్లల పక్కన కూర్చున్నట్టు కూర్చుంటారు. బట్టలకీ ఎండకీ ఉన్న బంధుత్వం మీద ఒక పుస్తకం రాయవచ్చు. రాద్దామని మొదలుపెట్టాను కూడా. ఆ నోటుపుస్తకం ఏదో రైలులో నాకంటే దూరం ప్రయాణం చేసింది.

తెలుపక్క సంగతి మాత్రం ఆ పుస్తకంతో పోలేదు. ఆమెది ఒక చిన్న డాబా ఇల్లు. కింద ముందుగది లాండ్రీ, వెనక కాపురం, మెట్ల కింద బట్టలుతికే మిషను. పద్నాలుగేళ్లు పరాయి లాండ్రీలో ఇస్త్రీ పెట్టె తోసి, నలభయ్యో ఏట సొంతంగా తలుపు తెరిచింది. తెల్లబట్ట ఆమె చేతిలో పడితే కొత్తదై తిరిగి వస్తుందని ఆ పేరు వచ్చింది. ఇంట్లో ఇంకో ఇద్దరు: డాబాల మీద సోలారు పలకలు బిగించే పని చేసే భర్త, డాబా మీద ఆరేయడం మడతపెట్టడం తన సొంత రాజ్యంగా ఏలే అత్తగారు. ఈ కథ తెలుపక్క ఇస్త్రీ చేస్తూ నాకు చెప్పింది. అత్తగారు పక్కన మడతలు పెడుతూ సరిదిద్దింది. కాబట్టి తప్పులేమైనా ఉంటే నావే.

ఊరికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరాన, కొండ మలుపులో ఒక పెద్ద లాడ్జి ఉంది. దాని మేనేజరు తెలుపక్కకు ఒక వారం గడువు ఇచ్చాడు.

"రోజూ నలభై దుప్పట్లు. సాయంత్రం ఐదుకి నా బల్ల మీద ఉండాలి. వారంలో ఒక్క రోజు ఐదు దాటినా నాకు కోపం రాదమ్మా. ఇంకొకరిని పెట్టుకుంటాను, అంతే" అన్నాడట.

ఈ పని నిలిస్తే లాండ్రీ నిలుస్తుంది. పోతే తెలుపక్క పాత యజమాని దగ్గరికే వెళ్లి మళ్లీ పెట్టె తోయాలి. ఆమె ధైర్యమంతా వెనక పెద్ద బుట్ట బిగించిన కరెంటు స్కూటరు. శుభ్రమైనవి తీసుకెళ్లి, మాసినవి వేసుకుని, మలుపులెక్కి దిగి ఇల్లు చేరేసరికి దాని బ్యాటరీలో ముప్పావు వంతు దాకా కరిగిపోయేది.

మొదటి రోజు ఏ గొడవా లేదు. రెండో రోజు వేకువన వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది రావడానికి పది రోజులన్నారు. వీధంతా చీకటయ్యింది కానీ తెలుపక్క ఇంట్లో వెలుగు పోలేదు. డాబా మీద ఆరు పలకలు, మెట్ల గోడకు వాటి కరెంటు దాచుకునే బ్యాటరీ ఉన్నాయి. ఆ బ్యాటరీని అత్తగారు డబ్బా అంటుంది. ఇరుగుపొరుగు ఫోన్లు పట్టుకుని వరస కట్టారు.

"రండి రండి. మావాడు మీ డాబాల మీద బిగిస్తానంటే అప్పుడు నవ్వారుగా, ఇప్పుడు కూర్చుని నవ్వండి" అని అత్తగారు అందరికీ పీటలు వేసింది.

ఆ సాయంత్రం లాడ్జి నుంచి రాగానే తెలుపక్క ఎప్పటిలాగే స్కూటరు తీగ తగిలించింది. పని నుంచి వచ్చినవాడికి ముందు అన్నం పెట్టడం ఆ ఇంటి అలవాటు. స్కూటరుకూ అదే మర్యాద. పొద్దుగుంకాక పలకల నుంచి చుక్క రాదు. కనుక స్కూటరు తిన్నదంతా డబ్బాలోదే. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, వీధిలోవాళ్ల ఫోన్లు మిగతాది తిన్నాయి. మూడో రోజు తెల్లవారుజామున మిషను తిప్పితే, రెండు నిమిషాలు తిరిగి, ఇరవై దుప్పట్లను సబ్బునీళ్లలో ముంచి ఆగిపోయింది. డబ్బా తాను పాడవకుండా అడుగున ఉండాల్సిన ఐదోవంతు మాత్రం ఉంచుకుని తలుపు మూసేసింది.

అత్తాకోడళ్లు చేత్తో పిండారు. మేనేజరు బల్ల మీద దుప్పట్లు పెట్టేసరికి ఐదుకి మూడు నిమిషాలు తక్కువ.

"రాత్రి స్కూటరుకి పెట్టింది ఎవరు?" అన్నాడు భర్త భోజనాల దగ్గర.

"నేనే. ఆకలితో పడుకోబెట్టమంటారా దాన్ని?"

"దానికి ఆకలేమిటి, ఆరింటి నుంచి గోడకానుకుని నిలబడే ఉంటుంది. ఎండ నుంచి డబ్బాలోకి, డబ్బా నుంచి స్కూటరులోకి. రెండుసార్లు వంపితే కొంత ఒలుకుతుంది. పైగా రాత్రికీ వేకువకీ ఉన్నది ఆ ఒక్క డబ్బానే. దాన్ని ఇంటికి వదిలెయ్. స్కూటరుకి పదిన్నర నుంచి రెండున్నర దాకా పెట్టు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పలకల నుంచి నేరుగా తాగుతుంది."

"ఇంటింటికీ వెళ్లి ఇదే చెబుతాడు. సొంత పెళ్లానికి చెప్పడానికి మాత్రం ట్రాన్స్‌ఫార్మరు కాలాల్సి వచ్చింది" అంది అత్తగారు.

నాలుగో రోజు అలాగే చేసింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. స్కూటరు ఛార్జరు ఏడువందల వాట్లు తీసుకుంటుంది, ఇస్త్రీ పెట్టె వేడెక్కేటప్పుడు వెయ్యి. పలకలు ఆ వేళకు రెండువేలు దాటి ఇవ్వాలి. గోడ మీది ఇన్వర్టరు తెర ఎనిమిదివందలు చూపించింది. చాలని కరెంటు డబ్బాలోంచే పోతోంది. ఒంటిగంటకు డబ్బా సగానికి పడింది. ఇస్త్రీ ఆపితే దుప్పట్లు నలిగే ఉంటాయి, స్కూటరు ఆపితే నున్నని దుప్పట్లు ఇంట్లోనే ఉంటాయి. తెలుపక్క ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఇంకో చేత్తో భర్తకు ఫోను చేసింది.

"పలకలు మురికిపట్టాయేమో చూడు" అన్నాడు ఎవరి డాబా మీది నుంచో.

"పొద్దున్నే తుడిచాను."

"వైర్లేమైనా వదులయ్యాయా? చెట్టు నీడ, గోడ నీడ మన డాబా మీద లేవు. బిగించే ముందు రోజంతా నిలబడి చూశాను."

చూసిన మాట నిజమే. కానీ ఆ రోజుల్లో ఆ డాబా మీద ఇంటి బట్టలు నాలుగు తప్ప ఏమీ ఆరేవి కావు. ఇప్పుడు అతను ఎనిమిదింటికి వెళ్లి చీకటిపడ్డాక వస్తున్నాడు. మధ్యలో డాబా ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఊళ్లోవాళ్ల డాబాలన్నీ మధ్యాహ్నం చూసినవాడు తన డాబాను చూడలేదు. ఇలాంటి పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. అది ఇక్కడ వద్దు.

అంతలో పైన అత్తగారు ఆరిన దుప్పట్లు తీయడం మొదలుపెట్టింది. కింద తెలుపక్క చూస్తుండగానే తెర మీద ఎనిమిదివందలు పదకొండు వందలయ్యింది. తర్వాత పదిహేను. మెట్ల దగ్గరికి పరిగెత్తింది.

"అత్తా, పైన ఏం చేస్తున్నారు?"

"నాట్యం చేస్తున్నాను. దుప్పట్లు తీస్తున్నానే."

"ఇంకో రెండు తీయండి."

పదిహేడు వందలు.

"ఇప్పుడు ఒకటి మళ్లీ వేయండి."

"ఆరినదాన్ని ఆరేయమంటావేమే, ఎండ తగిలిందా?"

వేసింది. అంకె జారింది. తెలుపక్క పైకెళ్లి చూస్తే అంతా కళ్లముందే ఉంది. పలకలు మోకాలెత్తు స్టాండ్ల మీద ఉన్నాయి. వాటి ముందు, సూర్యుడి వైపు, మనిషెత్తు తాళ్లు. ఆ తాళ్ల మీద నలభై దుప్పట్లు తెరచాపల్లా నిలబడి, ఆరు పలకల కింది అంచుల మీదా నీడ పరిచాయి. ఎండను ఆరేయడానికి వాడుకున్నవాళ్లే దాన్ని పలకలకు అందకుండా ఆపారు.

ఆ రోజూ దుప్పట్లు ఐదులోపే లాడ్జి చేరాయి. రాత్రి భర్త ఆ మాట విని తల గోక్కున్నాడు.

"ఆరూ ఒకే వరసగా కలిపినవి. అంచు మీద నీడ పడితే ఆ అంచుతో పోదు, వరసంతా నీరసపడుతుంది. నేను చూసుకోవాల్సింది."

"నువ్వెందుకు చూస్తావురా, నీ ఇల్లేగా" అంది అత్తగారు. తర్వాత కొంచెం మెత్తబడి, "తాళ్లు కట్టింది నేనేలే" అంది.

తాళ్లను పలకల వెనక్కి మార్చాలి. వెనక డాబా మీద ఇరవై ఏళ్లుగా అత్తగారి ఆస్తి ఉంది: చిల్లుపడ్డ నీళ్ల డ్రమ్ము, కాళ్లు లేని మంచం, మంచం లేని కాళ్లు. ఎవరు ముట్టుకోబోయినా "పనికొస్తాయి" అనేది. ఆ రాత్రి ఆమే లాంతరు పట్టుకుని నిలబడి, కొడుకుచేత ఒక్కొక్కటీ దింపించింది. పందిరిమంచానివి కాబట్టి, మనిషెత్తున్న ఆ కాళ్లు మాత్రం తాళ్లకు గుంజలయ్యాయి.

"చెప్పానుగా పనికొస్తాయని" అంది.

ఐదో రోజు మధ్యాహ్నం తెర రెండువేల రెండువందలు చూపించింది. స్కూటరు నిండింది, ఇస్త్రీ అయింది, పొద్దు వాలేసరికి డబ్బా కూడా నిండుగా కూర్చుంది. ఆరో రోజూ అంతే. తెలుపక్క ఇస్త్రీ చేస్తూ పాడిందని అత్తగారు, పాడలేదని తెలుపక్క నా ముందు వాదించుకున్నారు.

ఏడో రోజు మబ్బు పట్టింది.

పలకలు ఐదువందలు, ఆరువందలు ఇస్తున్నాయి. ముందురోజు నిండిన డబ్బా వేకువ ఉతుకుడు అయ్యాక సగానికి వచ్చింది. దాన్ని స్కూటరుకి నిండా పోస్తే ఇస్త్రీకి మిగలదు. భర్త ఆ రోజు పని మానుకుంటానన్నాడు.

"మీరుండి ఏం చేస్తారు, మబ్బు పక్కకు తోస్తారా?" అని పంపేసింది తెలుపక్క.

అప్పుడు ఆమెకు తట్టింది. స్కూటరు నిండక్కర్లేదు. పావు వంతు ఉంది. లాడ్జికి పోయి రావడానికి ముప్పావు చాలు, ఇంకాస్త చేతిలో ఉంచుకున్నా ఎనభై శాతం. అంటే మూడు గంటలు, నాలుగు కాదు. అదీ ఒక్కసారిగా కాదు.

అత్తగారిని డాబా మీద కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మబ్బు విడిచినప్పుడల్లా ఆమె పైనుంచి పిలవాలి.

"వచ్చాడే కోడలా."

తెలుపక్క ఇస్త్రీ పెట్టె పెట్టేది. ఆ వెలుగులో అంకె పదిహేను వందలకు లేచేది. నాలుగు దుప్పట్లు నున్నగా అయ్యేవి.

"పోయాడు."

పెట్టె తీసి స్కూటరు తీగ తగిలించేది. మబ్బులో వచ్చిన ఐదారువందలకు డబ్బాలోంచి కాస్త మాత్రం కలిసేది.

"వచ్చాడు. ఉండు, మొహం చూపించి తిప్పుకున్నాడు. మీ మామగారి బుద్ధే."

అలా మూడింటి దాకా. దుప్పట్లు తాళ్ల మీద గాలికే ఆరాయి. ఆఖరి నాలుగూ పెట్టె కింద ఆవిరి చిమ్ముతూ పొడిబారాయి. మూడుంబావుకి స్కూటరు డెబ్బై ఎనిమిది చూపించింది. డబ్బా అడుగు ఇంకా తగల్లేదు.

"ఇంకో రెండు అంకెలు చూసుకుని వెళ్లవే."

"రెండంకెల కోసం కూర్చుంటే ఐదవుతుంది అత్తా."

ఎక్కేటప్పుడు నెమ్మదిగా ఎక్కింది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే చక్రాల నుంచి తిరిగి వచ్చే కరెంటును కూడా వదల్లేదు. నాలుగూ నలభైకి మేనేజరు బల్ల మీద నలభై దుప్పట్లు పెట్టింది. అతను ఒకటి విప్పి, వాసన చూసి, గోడ మీది గడియారం వంక చూసి, మాసిన మూట ముందుకు తోశాడు.

"రేపటి నుంచి అరవై" అన్నాడు.

ఆ దుప్పట్లలో ఒకదాని మీద ఆ రాత్రి నేను పడుకున్నాను. అందుకే మర్నాడు ఆ లాండ్రీ ఎక్కడని అడిగి, వెతుక్కుంటూ వెళ్లాను.

తెలుపక్క ఇల్లు చేరేసరికి స్కూటరులో ఇరవై ఉందట. అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. కోడలి మొహం చూస్తూనే మూట అందుకుంది. పాత అలవాటుగా స్కూటరు తీగ చేతిలోకి తీసుకుని, తగిలించబోయి ఆగింది.

"దీనికి రేపు మధ్యాహ్నం కదూ భోజనం" అంది.

"అవునత్తా. మనం తిందాం రండి."