పదిమంది పనివాళ్ల ఫిర్యాదు

వినియోగదారుల ఫోరం సహాయ కేంద్రంలో బల్ల ముందు కూర్చున్న టైలరమ్మకు తన ఫిర్యాదులో తప్పేమిటో మొదట అంతుపట్టలేదు. కొత్త కుట్టుమిషను నాలుగో నెలకే మొరాయించింది. మూడుసార్లు రిపేరుకు వెళ్లి వెళ్లినట్టే తిరిగొచ్చింది. వారంటీ ఉంది, కంపెనీ మాత్రం మార్చనంటోంది. ఇంతవరకూ ఆమెకు స్పష్టమే.

ఫిర్యాదు సారాంశం ఒక్క పేజీలో రాసుకురమ్మంటే నాలుగు పేజీలు తెచ్చింది. పక్కన మరిది కాపలా ఉన్నాడు.

"మొదటిసారి ఎప్పుడు ఆగిందమ్మా?" అన్నాడు గుమాస్తా.

"పక్కింటి పిల్ల గౌనుకి చేతులు కుడుతుండగా."

"ఆ గౌను ఫోరం వాళ్లకు తెలీదు కదా. తేదీ కావాలి."

ఆమె కొలతల పుస్తకం తీసింది. బట్టలు ఇస్తానన్న రోజులన్నీ అందులో ఉన్నాయి. వాటిని పట్టుకుని కొన్నదెప్పుడు, చెడినదెప్పుడు, రిపేరుకు ఇచ్చినదెప్పుడు, కంపెనీకి నోటీసు పంపినదెప్పుడు అని వరసగా రాశాడు. బిల్లు, వారంటీ కార్డు, మూడు రిపేరు చీటీలు, నోటీసు, అది అందిన రసీదు, వీటన్నిటికీ నంబర్లు వేశాడు. అంతా సవ్యంగా నడుస్తుండగా ఆమె రాసిన మొదటి వాక్యం చదివి కలం కింద పెట్టాడు.

'పదిమంది పనివారు గల దుస్తుల సంస్థ అధినేత్రిని.'

"ఇంత వ్యాపారానికి కొన్నదైతే ఫిర్యాదు ఇక్కడ నిలవడం కష్టం. మీరే కూర్చుని కుట్టి, దానిమీదే బతుకుతుంటే వేరు."

"అంటే పెద్దదాన్నైతే వినరు, చిన్నదాన్నైతే వింటారా?"

"దాదాపు అంతే."

ఆమె మరిదివైపు చూసింది. దర్జాగా రాస్తేనే కంపెనీ జడుస్తుందని సలహా ఇచ్చిన మహానుభావుడు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"నిజంగా ఎంతమంది పనివాళ్లు? ఇవన్నీ నిజమని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి."

సమాధానం సులువే. కానీ వెనక బెంచీ మీద ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే పంతులమ్మ తన ఫ్రిజ్ గొడవకు వచ్చి కూర్చుని ఉంది. జాకెట్టు ఆలస్యమైన ప్రతిసారీ ఆ పంతులమ్మకు "మా పనివాడు సోమరి" అనే చెప్పింది మరి.

"ఎవరూ లేరు," అంది గొణుగుతూ.

"వినపడలేదమ్మా."

"ఒక గది, ఒక మిషను, నేను. అంతే."

"మరి ఆ సోమరి ఎవరండీ?" అంది వెనకనుంచి పంతులమ్మ.

"నేనే టీచరుగారూ."

గుమాస్తా దగ్గాడు, నవ్వలేదు. "జీవనోపాధి కోసం స్వయంగా కుట్టుకుంటున్నాను అని రాద్దాం. ఇంతకీ ఏం కోరుతున్నారు?"

"వాళ్లకి బుద్ధి రావాలి."

"అది ఫోరం వాళ్లు ఇప్పించలేరు. కొత్త మిషను, లేదా ధర వాపసు. పోయిన పనికి పరిహారం, ఖర్చులు."

"కొత్త మిషనే," అంది. "అది కుదరకపోతే ధర."

ఫిర్యాదు ఒక్క పేజీలో సిద్ధమైంది. మొదటి వాక్యం రెండుసార్లు చదువుకుంది. అందులో ఆమె ఒక్కర్తే ఉంది.

"వదినా, మన పరువు?" అన్నాడు మరిది మెల్లగా.

"జరుగు. సంతకానికి నీ చెయ్యి అడ్డొస్తోంది."