నలభై ఒకటో గింజ

సూర్యాపేట బడిలో నేను భూగోళం చెప్పేవాణ్ణి. నల్లబల్ల మీద గుండ్రంగా భూమిని గీసి, పసిఫిక్ సముద్రం నడుమ ఒక గీత లాగి, ఏటా ఒకటే పాట పాడేవాణ్ణి: దీన్ని తూర్పుకు దాటితే అదే రోజు మళ్ళీ వస్తుంది, పడమరకు దాటితే ఒక రోజు ఎగిరిపోతుంది. అప్పజెప్పలేని పిల్లల చేత గోడకుర్చీ వేయించేవాణ్ణి. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే నన్ను క్షమించనక్కరలేదు.

పందొమ్మిది వందల నలభైల చివరి సంవత్సరాల మాట. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు షావుకారుకు కొత్త మరల మీద మనసు పోయింది. ఆస్ట్రేలియాలో కొన్ని, అమెరికాలో కొన్ని చూసి రావాలన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చునని సూర్యాపేటలో ఒక పుకారు ఉండేది. అట్లా నేను దుబాసీనయ్యాను.

చిక్కల్లా ఆయన తండ్రి తద్దినం. తిథి మా ప్రయాణం మధ్యలో పడింది. షావుకారు ఒక్కడే కొడుకు, ఏనాడూ తప్పించలేదు. హుజూర్‌నగర్ అయ్యగారు పంచాంగం తిరగేసి, బయలుదేరిన నాటి నుంచి నలభై ఒకటో రోజు, సోమవారం అన్నారు. షావుకారు నోటుబుక్కులో రాసుకున్నాడు, పెట్టే పద్ధతి అయ్యగారు ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆయన తల్లి మాత్రం ఒక గుడ్డసంచిలో నలభై ఒక్క వడ్ల గింజలు పోసి మూతి కట్టింది.

"రోజూ పొద్దు పొడవంగనే ఒకటి తీసి పారెయ్యి కొడుకా. ఆఖరి గింజ తీసిన్నాడు మీ నాయిన వస్తడు. ఏ దేశంల ఉంటే గాడనే పెట్టు" అంది.

"సోమారమని అయ్యగారు చెప్పిండు కదనే! గింజలెందుకు?"

"వారాలు మీకెరుక. నాకు పొద్దే ఎరుక."

మేం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. చదువుకున్నవాళ్ళం కదా.

కోదాడ దగ్గర సరిహద్దు సుంకం నాకా జవాను పెట్టెలన్నీ విప్పించి, సంచి పట్టుకుని "ఇవేం విత్తనాలండీ?" అన్నాడు. "రోజులు" అన్నాను. "రోజుల మీద సుంకం లేదు లెండి" అని కట్టి ఇచ్చేశాడు. ఆ ప్రయాణంలో ఆ సంచిని మర్యాదగా పట్టుకున్నవాడు అతనొక్కడే.

ఆస్ట్రేలియా పని చూసుకుని ఫిజీ దీవికి చేరాం. అక్కడ చెరకు తోటలకు పోయి స్థిరపడిన తెలుగువాళ్ళున్నారు, వాళ్ళకొక ముసలి పురోహితుడున్నాడు. షావుకారు ప్రాణం లేచి వచ్చింది. "తిరుగు ప్రయాణంల సోమారం గీడ ఉంటం. తద్దినం మీరే పెట్టియ్యాలె" అని ఆయన చేత మాట తీసుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఆరింటికి ఫిజీలో విమానమెక్కాం. నడుమ ఒక చిన్న దీవిలో పెట్రోలు పోసుకుని, మొత్తం పదిహేడు గంటల తర్వాత హొనొలులులో దిగితే, అక్కడ అదే బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట! షావుకారు గోడ మీది క్యాలెండరు చూశాడు, నన్ను చూశాడు.

"ఎక్కకముందే దిగినమా పంతులూ?"

నాకు ఇంతకంటే ఏం కావాలి? ఒక నారింజపండు తెప్పించి పాఠం మొదలుపెట్టాను. ఫిజీ గడియారం ఇక్కడి గడియారం కంటే ఇరవై రెండు గంటలు ముందుంటుంది. మనం ఎగిరింది పదిహేడు గంటలే. కనుక ఐదు గంటలు ముందే దిగినట్టు కనబడుతుంది. తూర్పుకు పోయేవాడు పొద్దుకు ఎదురు పోతాడు, పొద్దు తొందరగా పొడుస్తుంది. ఆ తొందరంతా గీత దగ్గర ఒక రోజుగా చేతికొస్తుంది. వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి.

చివరి మాట ఆయన వినలేదు. "అంటే ఒక దినం లాభం" అన్నాడు. వ్యాపారికి లాభం చెబితే చాలు, నష్టం చెప్పేలోపే లేచిపోతాడు.

ఆ పొద్దున విమానంలో సూర్యుడు పొడిచినప్పుడు ఆయన ఒక గింజ తీసి, పారేసే చోటు లేక జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ సంచి చేతిలోకి తీసుకుని, "బుధారం గింజ నిన్ననే తీసిన. పొద్దుటిది తీసుడు తప్పేనా?" అన్నాడు.

"తప్పే" అన్నాను. "తీసిన గింజ మళ్ళీ వేసెయ్యండి. క్యాలెండరే లెక్క."

వేసేశాడు. నా చదువు చేసిన పని అది.

అమెరికాలో మరలు చూశాం, మళ్ళీ హొనొలులు వచ్చాం. ఆదివారం మధ్యాహ్నం విమానం. టికెట్టు మీద ఫిజీలో తెల్లవారుజామున మూడింటికి దిగుతామని ఉంది, ఏ రోజో లేదు. ఆదివారం తర్వాత సోమవారమని చంటిపిల్లకు కూడా తెలుసు గనక నేను ఆలోచించలేదు. షావుకారు దర్భలు, నువ్వులు పైకి తీసి పెట్టుకున్నాడు. రేపు తద్దినమని ఆ పూట తిండి కూడా మానేశాడు.

చీకటి పడ్డాక నడుమ దీవిలో ఆగి మళ్ళీ లేచాం. కాసేపటికి విమానం నౌకరు వచ్చి, గీత దాటామనీ, ఇప్పుడు సోమవారం రాత్రి తొమ్మిదిన్నర అనీ నవ్వుతూ చెప్పిపోయాడు. నేను గోడకుర్చీలు వేయించిన పాఠం అది. నేనే మరిచాను.

"ఏమంటడు పంతులూ?"

చెప్పాను. మాకు దక్కిన సోమవారం రెండున్నర గంటలు. దానికి పొద్దు లేదు, మధ్యాహ్నం లేదు. తద్దినం పెట్టేది మధ్యాహ్నం దాటాకే కదా.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దర్భల మూట ఒళ్ళో పెట్టుకుని, "మా నాయిన ఏ పూట తింటడు పంతులూ?" అని అడిగాడు. వేళ్ళు మడిచి లెక్క వేశాను. సరిగ్గా ఆ గడియకు మిర్యాలగూడలో సోమవారం మధ్యాహ్నం మూడు గంటలు. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది.

ఫిజీలో మంగళవారం ముసలి పురోహితుడు, "నిన్నంతా ఆకులు పరిచి కూర్చున్నానయ్యా" అన్నాడు. తప్పిన తద్దినం వచ్చే అమావాస్యకు పెట్టుకోవచ్చన్నాడు. తిరిగొచ్చాక ఊరి పొలిమేరలో షావుకారు, "అమ్మకు పెట్టిననే చెప్దాం. పెద్ద పాణం, తట్టుకోదు" అన్నాడు. నేను తలూపాను. అబద్ధంలోనూ దుబాసీనే.

"పెట్టినవా కొడుకా?"

"పెట్టిననే అమ్మా. సోమారం, ఫిజీల."

"సంచేది?"

ఆమె సంచి అరచేతిలో బోర్లించింది. ప్రయాణం చివర అన్ని పొద్దులూ గడిచి ఉండాలి. ఒక గింజ రాలింది. సోమవారానికి పొద్దే పొడవలేదని షావుకారు దాన్ని తీయలేదు.

"ఈ పొద్దు యాడ పోయింది?"

నేను చెంబు తీసుకుని భూమి గుండ్రమని మొదలుపెట్టాను. గీత అన్నాను, బుధవారం రెండుసార్లు వచ్చిందన్నాను, అందుకే గింజ మళ్ళీ వేయించానన్నాను. ఆమె చివరిదాకా విన్నది. మా బడిలో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"పొద్దు పొడిచిందా లేదా గా దినం?"

"పొడిచిందమ్మా."

"మరి తియ్యద్దంటివేంది పంతులూ?"

అప్పుడు తెలిసింది నాకు, పైకే చెప్పేశాను. ఆ గింజ తీసి ఉంటే, ఆఖరిది హొనొలులులో ఆదివారం పొద్దున వచ్చేది. విమానం మధ్యాహ్నానికి గాని లేవదు. ప్రయాణం ఒక రోజు ఆపుకుని, అయ్యగారి పద్ధతి కాగితం చూసి అక్కడే పెట్టుకునేవాళ్ళం. అక్షరం రాని మనిషి లెక్క సముద్రం నడుమ కూడా తప్పలేదు.

ఆమె ఆ గింజను కొంగున ముడివేసుకుని, కొడుకు వైపు కాకుండా నా వైపు చూసింది.

"ఆయన ఆదివారమే వచ్చిండు. మీరు పెట్టెలు కట్టుకుంటున్నరు."