గజ్జెల బంతి, పెద్దల చప్పట్లు

కొత్తవాడలోని ఆ చిన్నబడికి ఆయమ్మ ప్రమీల. అక్కడి ఐదేళ్ల కీర్తనకు వెలుతురు, పెద్ద పెద్ద ఆకారాలు తప్ప మరేమీ కనబడవు. ఆ పిల్ల కోసం ప్రమీల ఒక రబ్బరు బంతికి గజ్జెలు కుట్టిన గుడ్డ తొడిగింది. కూర్చునే చోటు కాలికి తెలిసేలా జంపఖానా అంచున ముడులు వేసింది. ఆట నియమం ఒక్కటే: పేరు పిలిచి బంతి దొర్లించాలి, మిగతావాళ్లు నోటిమీద వేలేసుకోవాలి. నెలరోజులుగా కీర్తన ఒక్క బంతీ వదల్లేదు.

ఆ పిల్లను బడిలో ఉంచాలా, పంపాలా తేల్చడానికి కమిటీ పెద్దలు ముగ్గురు వేంచేశారు. వాళ్లకు కుర్చీలు అందాయి, చాయ్ బిస్కట్లు అందాయి. నియమం మాత్రం అందలేదు. పెద్దమనుషులను నోరు మూసుకోమనే ఆయమ్మ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

"కీర్తనా!" అని తోటిపిల్లాడు జోయెల్ బంతి వదిలాడు.

పెద్దలకు జాలి పొంగింది. "శభాష్ బిడ్డా! పట్టు, పట్టు!" అంటూ ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

"జర ఆపుండ్రి సార్" అన్న మాట ప్రమీల గొంతులోనే ఉండిపోయింది. బంతి కీర్తన మోకాలి పక్కనుంచి వెళ్లిపోయింది.

"ఆయమ్మా, బాల్ ఏడుంది? నాకు ఇనవడ్తలేదు."

"పాపం, ఈ పిల్లతోని కాదు" అని అధ్యక్షుడు తీర్మానం రాయించి, చివరి బిస్కట్ తిన్నాడు.

సోమవారం నుంచి కీర్తన రాలేదు. జోయెల్ అలవాటుగా "కీర్తనా!" అని బంతి దొర్లించాడు. గజ్జెలు ముడుల దాకా వచ్చి, దాటి, గోడకు తగిలి ఆగాయి. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పలేదు. నియమం అది.